రజితకు పెట్టిన ముప్పై ఒక్క మెసేజులు

నా పెండ్లి ఒక స్పీకర్‌ల పడి చచ్చిపోవాల్సింది. ప్రాణంతోని బయటికొచ్చింది గని, ఆ అరగంటల నా ఇజ్జత్ ఏ గతి పట్టిందో చెప్తే మీరు పడిపడి నవ్వుతరు. నవ్వుండ్రి. అప్పుడు నేను ఏడ్చిన, ఇప్పుడు నేను గూడ నవ్వుతున్న. ఒక్కటే కోరిక, ఇది చదివినంక మీ ఫోన్ల ఎవ్వరికన్న "ఏమైంది??" అని సగం కొట్టి ఉంటే, దయచేసి దాన్ని చెరిపేయుండ్రి.

ముందుగాల నేనెవర్నో చెప్త. పేరు భూమేశ్. మా బాపు సిరిసిల్ల దిక్కుకెల్లి సూరత్‌కు వచ్చి ఉధ్నాల సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద పని చేసిండు. నేను పుట్టింది, పెరిగింది ఈడనే, పర్వత్ పాటియా అనే పేటల. సాంచెల చప్పుడుకు బాపుకు చెవులు మందగించినయి. నన్ను ఆ చప్పుడుల పడనియ్యొద్దని చీరల మార్కెట్ల ఒక దుకాణంల పెట్టిండు. నా పనేందంటే, కొత్త డిజైన్ చీరలు ఫోటోలు తీసి వరంగల్, నిజామాబాద్, కరీంనగర్ దుకాణాలోళ్లకు వాట్సాప్‌ల పంపుడు. పంపి ఊకుంటమా? ఊకోం. గంటకోసారి అడగాలె. "సార్, చూసిన్రా?" "సార్, రేపటికి అయిపోతది." "సార్, రిప్లై ప్లీజ్." మా సేఠ్ రోజూ పొద్దుగాల దేవునికి అగర్‌బత్తి ముట్టిచ్చి మాకు ఒకటే మంత్రం చెప్తుండె: "ఫాలోఅప్ ఛోడ్నా నహీ!" వెంటపడుడు ఇడువొద్దు అని.

ఆరేండ్లు ఆ మంత్రం జపించిన మనిషి చేతికి ఒక పిల్ల ఫోన్ నంబర్ ఇస్తే ఏమైతది? అయ్యేదే అయ్యింది.

ఆ పిల్ల పేరు రజిత. వాళ్లది గూడ మా దిక్కే, ఉధ్నాల ఉంటరు. చీరల మీద రాళ్లు అంటించే ఒక కార్ఖానాల పని చేస్తది. పన్నెండు మంది ఆడోళ్లు ఒక హాల్‌ల వరుసగ కూసొని, ఒక చేతిల గమ్, ఒక చేతిల రాళ్లు పట్టుకొని పని చేస్తరు. చూపులకు పోయినప్పుడు పెద్దోళ్లు "నచ్చిందా, ముహూర్తం చూద్దమా" అంటుంటే రజిత వాళ్ల నాయన దిక్కు చూసి సాఫ్‌గ చెప్పింది.

"ఒక నెల మాట్లాడుకుంటం నాయనా. మాట్లాడినంక చెప్త."

మా బాపుకు సగమే ఇనిపించింది. "ఏందంట? నెల ఎందుకంట?" అన్నడు. మా అక్క సుజాత బాపు చెవుల ఒర్రింది, "మాట్లాడుకుంటరంట! మంచిదే గద!"

నంబర్లు తీస్కున్నం. పోయేముందు రజిత నాతోని ఇంకో మాట చెప్పింది. "చూడుండ్రి, పనిల ఉంటే చేతులకు గమ్ ఉంటది. నేను ఫోన్ ముట్ట. మధ్యాహ్నం తినేటప్పుడు, సాయంత్రం ఇంటికొచ్చినంక చూస్త. అప్పుడు జవాబిస్త."

నేను తల ఊపిన. మీరు గమనించాలె, నా తల ఊపుడుకు, నా చెవులకు ఆ రోజు ఏ సంబంధం లేదు. నేను ఆమె కండ్లు చూస్తున్న. ఆమె చెప్పిన సంగతి గాలిల పోయింది.

మొదటి రోజు మాత్రం మంచిగ నడిచింది. అది నా తెలివి గాదు, అదృష్టం. ఆ ఆదివారం దోస్తులతోని డుమస్ బీచ్‌కు పోయిన. అక్కడ టమాటా బజ్జీలు తింటుంటే ఒక కుక్క వచ్చి నా ముందు కూసొని, బజ్జీ ఇస్తే మూతి తిప్పుకొని, చట్నీ ఇస్తే నాకింది. గదే రాసి రజితకు పంపిన. ప్రశ్న లేదు, ఏమి లేదు. సాయంత్రం ఆమెకెల్లి నాలుగు లైన్లు వచ్చినయి. "మా వాడకట్టుల ఒక కుక్క ఉన్నది, అది శనివారం అన్నం ముట్టదు. మా అవ్వ దానికి ఉపాసం ఉన్నదంటది" అని. నేను నవ్విన. ఆమె ఇంకోటి రాసింది. పది నిమిషాలు అటిటు ముచ్చట నడిచింది. "సరే, వంట చేయాలె" అని ఆమె పోయింది.

అక్కడ ఆగితే నాకు ఈ కథే ఉండకపోవు.

గని నాలుగు లైన్లు చూసేవరకు నాకు ఆశ పుట్టింది. అడగందే అమ్మయినా పెట్టదంటరు గద. రోజుకు ఇరవైసార్లు అడిగితే ఆ అమ్మే గరిటె తీస్కొని ఎంటపడ్తదని ఎవ్వరు చెప్పరు. తెల్లారి నుంచి షురూ చేసిన. పొద్దుగాల పూలగుత్తి బొమ్మతోని "శుభోదయం." తర్వాత "లేచిన్రా?" తర్వాత "పనికి పోయిన్రా?" "చేరుకున్నరా?" "తిన్నరా?" "ఏం కూర?" "మళ్ల పనికి పోయిన్రా?" "వచ్చిన్రా?" బళ్ల హాజరు తీసే సారు గూడ రోజుకు రెండుసార్లే తీస్తడు. నేను ఎనిమిదిసార్లు తీసిన.

పాపం రజిత మొదట్ల మంచిగనే చెప్పింది. "తిన్న. పప్పు, వంకాయ. మీరు?" ఇది రెండో రోజు. మూడోరోజు "తిన్న. పప్పు." నాలుగోరోజు "తిన్న." అయిదోరోజు "ఆ." ఆరోరోజు ఒక బొటనవేలు బొమ్మ. గంతే. ఆమె జవాబులు వాన లేని చెరువు లెక్క రోజుకింత ఎండుకుంట పోతున్నయి. నేనేమో ఇంకిన్ని నీళ్లు రావాలని ఇంకా గట్టిగ బిందె ముంచుతున్న.

ఇప్పుడు మీరు అడుగొచ్చు, "ఓరి పిచ్చోడా, 'తిన్నరా' అంటే 'తిన్న' అని గాక ఇంకేం చెప్తదిరా?" అని. గదే! ఆ ప్రశ్నల ముచ్చటకు తావే లేదు. తలుపు తట్టి, తెరిచినంక "తలుపు తెరిచిన్రా?" అని అడిగినట్టు. గని అప్పుడు నాకు ఇంత జ్ఞానం ఉంటే ఈ ముచ్చట మీకెందుకు చెప్తుంటి?

నా పక్క టేబుల్ మీద జిగ్నేశ్ అని ఒకడు పనిచేస్తుండె. వానికి అప్పటికి మూడు సంబంధాలు తప్పినయి. గందుకే వాన్ని సలహా అడిగిన. ఈత రానోన్ని ఏటి లోతు అడిగినట్టు.

"భూమేశ్ భాయ్, నువ్వు భావ్ ఎక్కువ ఇస్తున్నవ్," అన్నడు. ఈడ భావ్ అంటే మార్కెట్ల రేటు. మనిషికి భావ్ ఇచ్చుడంటే నెత్తికెక్కించుకునుడు. "మాల్ గోదాంల దాచిపెడితేనే భావ్ పెరుగుతది. రెండు రోజులు చప్పుడు చెయ్యకు. ఆమె మెసేజ్ పెడితే వెంటనే జవాబియ్యకు. ఆమె గంటకు ఇస్తే నువ్వు రెండు గంటలకు ఇయ్యి. రెండు అక్షరాలు ఇయ్యి, బస్."

"మరి ఆమె ఏమనుకుంటది?"

"గదే, అనుకోవాలె! ఇరవై నాలుగు గంటలు నీ గురించే అనుకోవాలె!"

నేను మానేసిన. ఒకరోజు పొద్దుగాల పూలగుత్తి పోలే, హాజరు లేదు. రెండోరోజు మధ్యాహ్నం రజిత తనంతట తనే ఒక ఫోటో పంపింది. ఒక నీలం చీర. దాని కొంగు మీద రాళ్లతోని నెమలి. కింద రాసింది: "కొత్తగ వచ్చిన అమ్మాయి అంటించింది. ఈ నెమలికి మూడు కాళ్లు వచ్చినయి. మేం నవ్వి నవ్వి సగం పని బంద్ పెట్టినం. మూడో కాలు తీస్తే గమ్ మరక పడ్తదంట. ఏం చేయాల్నో తెలుస్తలే."

అయ్యా, చూడుండ్రి. ఎంత మంచి ముచ్చట! పిల్ల తనంతట తను తలుపు తెరిచి, కుర్చీ ఏసి, చాయ్ చేతికిచ్చింది. దానికి నేను జిగ్నేశ్ లెక్క ప్రకారం అయిదు గంటలు ఆగిన. ఆ అయిదు గంటలు పదిసార్లు ఆ ఫోటో చూసి నవ్వుకున్న. చూసి, ఏం రాసిన్నో తెలుసా?

"ఓకే."

జిగ్నేశ్ నా భుజం తట్టిండు. "శభాష్! ఇగ చూడు."

చూసిన. ఆ సాయంత్రం ఏమి రాలే. తెల్లారి ఏమి రాలే. ఆ తెల్లారి గూడ ఏమి రాలే. మాల్ దాచిపెడితే భావ్ పెరుగుతదన్నడు గద, కొనేటోళ్లే పక్క దుకాణానికి పోయిండ్రు. మౌనం అర్ధాంగీకారం అంటరు గని, ఆ మౌనంల నాకు అంగీకారం కనపడలే, అర్ధం మాత్రం అయ్యింది: పని అయిపోయింది.

ఇగ నాకు భయం పట్టుకున్నది. భయం పట్టుకున్న మనిషి ఏం చేస్తడు? తనకొచ్చిన విద్యే చూపిస్తడు. నాకొచ్చిన విద్య ఫాలోఅప్.

ఆ శుక్రవారం పొద్దుగాల మూడు మెసేజులు పెట్టిన. జవాబు రాలే. రాదు మరి, ఆమె పనిల ఉన్నది. దుకాణంల ఆ రోజు గిరాకీ లేదు, నా చేతులు ఖాళీ. ఖాళీ చేతులంత ప్రమాదం ఇంకోటి లేదు. పన్నెండింటికి ఫోన్ తెరిచి చూసిన. ఆమె పేరు కింద "ఆన్‌లైన్" అని ఉన్నది! ఒక్క నిమిషం ఉండి పోయింది. అంటే ఫోన్ చేతిల ఉన్నది, నా మెసేజ్ మాత్రం తెరుస్తలేదు అని నాకు నేనే తీర్పు చెప్పుకున్న. అటెన్క పన్నెండు నుంచి పన్నెండున్నర వరకు నేను రాసినయి కొన్ని మీ ముందు పెడ్త. చదువుతుంటే నా చెవులు ఇప్పటికీ కాలుతయి.

"తిన్నరా?"

"బిజీనా?"

"ఆన్‌లైన్‌ల ఉన్నరు గద."

"కోపమా?"

"కోపమైతే చెప్పుండ్రి."

"కోపం లేకపోతే గూడ చెప్పుండ్రి."

"??"

"నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?"

"సారీ."

"ఎందుకు సారీ చెప్తున్ననో తెలుస్తలే గని సారీ."

దండం పెట్టే బొమ్మలు ఆరు. గులాబీ పూలు మూడు.

"డిస్టర్బ్ చేస్తున్ననా?"

"డిస్టర్బ్ చేస్తే చెప్పుండ్రి, మెసేజ్ చెయ్య."

"ఇది ఆఖరి మెసేజ్."

దాని తర్వాత ఇంకా తొమ్మిది పోయినయి. పొద్దుటియి కలిపి మొత్తం ముప్పై ఒకటి. తర్వాత లెక్కబెట్టింది మా అక్క, నేను గాదు.

పన్నెండున్నర దాటినంక నా ఫోన్ మోగింది. రజిత! నా గుండె పులకరించింది. ఫాలోఅప్ మహిమ! గొంతు సవరించుకొని "హలో, రజితగారూ" అన్న.

అవతలకెల్లి ఒక ముసలి గొంతు. వెనక పదిమంది ఆడోళ్ల నవ్వులు.

"బిడ్డా, నువ్వేనా భూమేశ్ సంబంధం?"

"... ఎవరు?"

"నేను రాజవ్వను, రజిత పక్కపొంటి కూసొని పని చేస్త. బిడ్డా, మేం తిన్నం. నేను తిన్న, బీరకాయ. రజిత తిన్నది, పప్పు. గుజరాతీ అక్కలు గూడ తిన్నరు, రొట్టె. ఎవ్వరికి కోపం లేదు. ఇగ చాలు, పని చేసుకోనియ్యి!"

వెనకకెల్లి రజిత గొంతు ఇనిపించింది. "అవ్వా, ఇటియ్యి! ఫోన్ ఇటియ్యి!" కాల్ కట్ అయ్యింది.

జరిగిందేందో నాకు తర్వాత తెలిసింది. మీకు ఇప్పుడే చెప్త. రజిత చేతులకు గమ్ ఉంటది గద, గందుకని ఇంటికెల్లి అర్జెంట్ కబురు వస్తే తెల్వాలని ఫోన్ల ఒక ఏర్పాటు పెట్టుకున్నది. మెసేజ్ వస్తే ఫోనే పైకి చదివి చెవుల ఇయర్‌ఫోన్ల చెప్తది. ఆ రోజు కార్ఖానాల పాటలు పెట్టుడు రజిత వంతు. పన్నెండింటికి ఫోన్ తెరిస్తే వాట్సాపే ముందల ఉండె, దాన్ని మూసి హాల్‌ల ఉన్న పెద్ద స్పీకర్‌కు కలిపింది. నేను చూసిన ఆ "ఆన్‌లైన్" గదే. పాటలు పెట్టి, తయారైన చీరలు అప్పజెప్పనీకి పక్క గోదాంకు పోయింది. ఫోన్‌కు తాళం ఉన్నది, స్పీకర్‌కు లేదు.

పాట నడుస్తుంటె పాట ఆగింది. ఒక మిషన్ ఆడగొంతు, ఇంగ్లీషు యాసల, హాల్ అంతా మోగేటట్టు అన్నది: "మెసేజ్ ఫ్రమ్ బూమెష్ సంబందామ్. టిన్ నారా."

రజిత నా పేరు "భూమేశ్ సంబంధం" అని పెట్టుకున్నది. మా దిక్కు ఫోన్లల సంబంధాలోళ్ల పేర్లు గట్లనే ఉంటయి. మేమిద్దరం రాసేది ఇంగ్లీషు అక్షరాలల తెలుగు. ఆ మిషన్‌కు తెలుగని తెల్వదు. "కో పామా," అన్నదంట. "ఫోల్డెడ్ హ్యాండ్స్, ఫోల్డెడ్ హ్యాండ్స్, ఫోల్డెడ్ హ్యాండ్స్" అని ఆరుసార్లు దండం పెట్టిందంట. ఎవరన్న స్పీకర్ బంద్ చేయొచ్చు గద అంటరా? పైస లేకుంట ఫుకట్‌ల దొరికిన నాటకాన్ని ఎవరు బంద్ చేస్తరు? మధ్యల పాట రెండు లైన్లు వస్తె "ఈ పాటెందుకు, గా పిలగాడు మళ్ల ఏమన్నడో" అని రాజవ్వ ఎదురుచూసిందంట. తెలుగు రాని గుజరాతీ అక్కలకు ఒకామె హిందీల చెప్పుకుంట పోయిందంట. రజిత తలుపు తీసి లోపలికి అడుగు పెట్టేవరకు మిషన్ అంటున్నది: "ఇది ఆక్రి మెసేజ్."

హాల్ అంతా చప్పట్లు కొట్టిండ్రు. ఎంటనే ఇంకోటి వచ్చింది. స్పీకర్ బంద్ చేయనీకి రజిత ఫోన్ తాళం తీసుడే ఆలస్యం, రాజవ్వ గుంజుకొని నాకు కలిపింది.

నేను సేఠ్‌కు తలనొప్పి అని చెప్పి సక్కగ మా అక్క ఇంటికి పోయిన. మా అక్క సుజాత పర్వత్ పాటియాలనే ఉంటది. అప్పుడు బట్టలు ఆరేస్తున్నది. నా మొఖం చూసి "ఎవరు పోయిండ్రురా?" అని అడిగింది.

"నేనే పోయిన అక్కా," అని ఫోన్ చేతిల పెట్టిన.

అక్క మెట్ల మీద కూసొని మొదటి నుంచి చదివింది. నవ్వలే. అదే నాకు ఎక్కువ భయమైంది. వేలితోని తెర పైకి జరుపుకుంట పోయి చివరికి నాకు చూపించింది. "గీ రంగు చూడు. నీ మెసేజులు పచ్చగ, ఆమెయి తెల్లగ. వరిచేనుల రెండు కొంగలు వాలినట్టున్నది. ముచ్చట అంటే ఇట్లుంటదా?"

"ఆమె మాట్లాడుతలేదు అక్కా, నేనేం చెయ్యాలె?"

"మాట్లాడనిచ్చినవా? ఆమె ఒకటి రాసేలోపు నువ్వు నాలుగు రాస్తివి. నాలుగింటికి జవాబియ్యాలంటే ఆమెకు అది ఇంకో డ్యూటీ. పొద్దంత రాళ్లు అంటించి వచ్చి నీ ప్రశ్నలకు జవాబులు అంటించాల్నా?" అక్క నా మెసేజ్ ఒకటి పట్టుకున్నది. "గిది చూడు, 'కోపమా?' ఆమెకు కోపం లేకున్నా ఇప్పుడు నిన్ను బుజ్జగించి బుదగరిచ్చే పని ఆమె మీద పడ్డది. 'సారీ' అంటివి, 'డిస్టర్బ్ చేస్తున్ననా' అంటివి. ఇయి మర్యాద లెక్క కనపడ్తయి గని, లోపల ఒకటే ఉన్నది, 'నాకు జవాబియ్యి, ఇప్పుడే ఇయ్యి.'"

"మరి రెండు రోజులు చప్పుడు చెయ్యకుంట గూడ ఉన్న గద!"

అక్క ఇంకా పైకి జరిపింది. నెమలి ఫోటో కాడ ఆగింది. "ఓకే" చూసింది. ఫోన్ నా మొఖం మీద కొట్టినంత పని చేసింది.

"గింత మంచి ముచ్చట పంపితే 'ఓకే' అంటవా! అయిదు గంటలకు! అప్పుడు ఆమె రాయాలనుకున్నది నువ్వు ఆపినవ్. ఇప్పుడు ఆమె రాయొద్దనుకుంటుంటే గుంజుతున్నవ్. ఎవడు చెప్పిండు నీకు?"

జిగ్నేశ్ పేరు చెప్పలే. పాపం, వానికి ఇంకో సంబంధం చూస్తున్నరు.

"ఇప్పుడేం చెయ్యాలె?"

"ఒక్క మెసేజ్. తప్పు ఒప్పుకో. జవాబు అడగకు. అటెన్క ఫోన్ పక్కన పెట్టు."

నేను కూసొని పద్నాలుగు లైన్లు రాసిన. అండ్ల నా చిన్ననాటి కష్టాలు, సాంచెల చప్పుడు, బాపు చెవులు, అన్నీ ఉన్నయి. అక్క చదివి, "ఇది మాఫీ అడిగినట్టు లేదు, ఫిర్యాదు రాసినట్టున్నది" అని కొట్టేసింది. ఎనిమిది లైన్లయినయి. మళ్ల కొట్టేసింది. చివరకు మిగిలింది గిది:

"రజితగారూ, ఇయ్యాల అన్ని మెసేజులు పెట్టి మిమ్మల్ని అందరి ముందల ఇబ్బంది పెట్టిన. తప్పు నాదే. దీనికి మీరు జవాబు ఇయ్యాల్సిన పని లేదు."

"'ఆఖరికి క్షమిస్తరని ఆశ' అని ఒక్కటి చేర్త అక్కా."

"చేర్చకు."

"ఒక్క దండం బొమ్మ?"

"ఆరు పెట్టినవ్ గద, చాలు."

పంపిన. అక్క నా ఫోన్ల ఇంకో పని గూడ చేయించింది. చదివినట్టు చూపించే నీలం టిక్కులు, ఆఖరిసారి ఎప్పుడు చూసిండ్రో చెప్పే లైను, ఆన్‌లైన్ చూపించుడు, మూడూ బంద్ చేయించింది. "నీవి బంద్ చేస్తే అవతలోళ్లయి గూడ నీకు కనపడయి. అది వాళ్ల కోసం గాదు, నీ రోగానికి మందు. ఆమె ఎప్పుడు చూసిందో, చూసి ఎందుకు రాయలేదో, గా కావలి పని నీకెందుకు?"

శుక్రవారం సాయంత్రం జవాబు రాలే. శనివారం రాలే. నా బొటనవేళ్లు కుంపటి మీద పెట్టినట్టు ఉన్నయి. రెండుసార్లు రాసి చెరిపిన. చెరిపినవి లెక్కల రావు. ఆదివారం మధ్యాహ్నం అన్నం ముందల కూసున్న, ఫోన్ మోగింది.

రజిత రాసింది: "రాజవ్వ అడుగుతున్నది, మీరు తిన్నరా అని."

నేను పీట మీదకెల్లి లేచి ఎగిరిన. బాపు "భూకంపమా?" అన్నడు. రాయాలనిపించినయి నలభై. అక్క మాట గుర్తు చేసుకొని కూసొని, నిమ్మలంగ ఒక్కటి రాసిన. "తింటున్ననని చెప్పుండ్రి. ఆ మూడు కాళ్ల నెమలి చివరికి ఏమైంది? ఆ రోజు 'ఓకే' అని ఊకున్న. నిజానికి ఆ ఫోటో పదిసార్లు చూసి నవ్విన. తీరిగ్గ ఉన్నప్పుడు చెప్పుండ్రి." పెట్టి, ఫోన్ బోర్లేసి, అన్నం తిన్న. ఏం కూర తిన్ననో మాత్రం చెప్పలేను.

సాయంత్రం పెద్ద జవాబు వచ్చింది. ఆ మూడో కాలు తీయలేక దాన్ని కొమ్మ చేసిండ్రంట. నెమలి కొమ్మ మీద నిలబడ్డట్టు అయ్యింది. కొనేటోళ్లకు అది ఎంత నచ్చిందంటే అన్ని చీరలకు అట్లనే కొమ్మ పెట్టమన్నరంట. "కొత్త పిల్ల ఇప్పుడు మాకు డిజైన్ మాస్టర్" అని రాసింది. నేను, మా దుకాణంల ఒక కరీంనగర్ గిరాకీ "వాన వచ్చేముందు ఉండే రంగు" చీర కావాలంటే సేఠ్ మూడు గంటలు బీరువాలు ఎట్ల ఎతికిండో రాసిన. ప్రశ్న పెట్టలే. ఆమెనే అడిగింది, "దొరికిందా?" దొరికింది, ఆమెకు చెప్పిన. ఇద్దరం నవ్వినం. ముచ్చట మంచిగ ఊపు మీద ఉన్నప్పుడే నేను రాసిన, "మీకు వంట టైమ్ అయ్యింది గద, మళ్ల మాట్లాడుదం." నా జిందగీల ముచ్చట నేనే ముందుగ ఆపుడు గదే మొదటిసారి. జర బాధయ్యింది గని, తెల్లారి మధ్యాహ్నం ఆమెనే మొదలుపెట్టింది.

అట్ల రెండు వారాలు నడిచింది. నేను కనిపెట్టింది ఏందంటే, ఆమె పొద్దంతా రాయకపోయినా ముచ్చట చావది. ఆమె ఒక రోజు వాళ్ల అవ్వ మోకాళ్ల నొప్పి గురించి చెప్పింది. మూడు రోజులకు నేను "అవ్వకు నయమైందా?" అని అడిగిన. అది ఒక్క ప్రశ్నే గని, ఆమె పది లైన్లు రాసింది. ఒకసారి ఆమె రెండు మాటలే రాస్తే, నేను గూడ రెండు మాటలు రాసి ఊకున్న. ఆ రోజు ఆమెకు అలసట. అలసట గూడ ఒక జవాబే.

నెల నిండేముందు రెండు కుటుంబాలు కలిసి డుమస్ పోయినం. పెద్దోళ్లు బెంచీ మీద కూసున్నరు. మేం జర దూరం నడిచినం. రజిత చేతుల గమ్ లేదు, నా చేతుల ఫోన్ లేదు. ఇద్దరికీ చేతులు ఏడ పెట్టాల్నో తెల్వలే.

"ఒకటి చెప్పాల్నా?" అన్నది. "ఆ శుక్రవారం ఇంటికి పోయి నాయనకు వద్దని చెప్దామనుకున్న."

నా కాళ్ల కింద ఉన్న ఇసుక జారింది. డుమస్ ఇసుక నల్లగ ఉంటది, ఆ రోజు ఇంకా నల్లగ కనపడ్డది.

"ముప్పై ఒకటికా?" అన్న.

"ముప్పై ఒకటికి సిగ్గయ్యింది. కోపం వచ్చింది మాత్రం 'ఓకే'కు. ఆ ఫోటో తీసి, ఎవరికి పంపాల్నని ఆలోచించి మీకు పంపిన. అయిదు గంటలకు ఓకే అంటిరి. నేనేదో ఎక్కువ చేసిన్నేమో అనుకొని ఇగ రాయలే. అటెన్క ఒకటేసారి అన్ని వచ్చినయి. ఈ మనిషితోని ఎట్ల, ఉంటే వరద, లేకుంటే కరువు అనుకున్న."

"మరి ఎందుకు వద్దనలే?"

"నాయన ముందల కూసున్న. నోరు తెరుస్తున్న. అప్పుడు మీ మెసేజ్ చూసిన. జవాబు ఇయ్యాల్సిన పని లేదని ఉన్నది. అది సదివినంక..." ఆమె నవ్వింది. "చాన రోజులకు భుజాల మీది మూట దించినట్టు అనిపించింది. రెండు రోజులు చూద్దాం, నిజంగనే ఊకుంటడా అని చూసిన. ఊకున్నరు."

"కష్టమైంది," అన్న నిజాయితీగ.

"తెలుసు. ఇగ ఒకటి అనుకుందం. పనిల ఉన్నప్పుడు ఏమన్న చెప్పాలనిపిస్తే ఒక్కటి పెట్టుండ్రి, నాకు వీలైనప్పుడు చూస్త. అర్జెంటైతే ఫోన్ చెయ్యుండ్రి. మెసేజ్‌ల అర్జెంట్ పెట్టొద్దు. నేను రాయకపోతే కోపం అనుకోవద్దు. కోపం వస్తే నేనే చెప్త, మీరు ఎతకాల్సిన పని లేదు."

నేను తల ఊపిన. ఈసారి చెవులు గూడ తెరిచే ఉన్నయి.

సోమవారం దుకాణంల పెద్ద లోడ్ వచ్చింది. బట్ట మూటలు కిందికెల్లి మూడో అంతస్తుకు ఎక్కియ్యాలె. ఫోన్ సొరుగుల పెట్టి మధ్యాహ్నం దాకా మెట్లెక్కుడు, దిగుడు. చెమట తుడుచుకుంట వచ్చి సొరుగు తెరిచిన. రజితకెల్లి మెసేజులు. ఒకటి గాదు.

"నాయనకు సరే అని చెప్పిన."

"చూసిన్రా?"

"ఏమన్న అనుండ్రి."

"సంతోషంగ లేరా?"

"మీ బాపు ఏమన్న అన్నడా?"

"??"

"నేను తొందరపడ్డనా?"

"రాజవ్వ గూడ అడుగుతున్నది."

"భూమేశ్??"

లెక్కబెట్టిన. పదకొండు. చివరిది "మీరు పనిల ఉన్నరేమో, సారీ." దాని తర్వాత ఇంకోటి, "పనిలనే ఉన్నరా?"

నాకు నవ్వు ఆగలే. మూట మీద కూలబడి నవ్విన. కండ్లల నీళ్లు తిరిగినయి. జిగ్నేశ్ ఉరుక్కుంట వచ్చి "ఏమైంది? వద్దన్నదా?" అని గాబరపడ్డడు. ఆ నవ్వుల ఎంత బరువు దిగిందో చెప్పలేను. అప్పటిదాకా నేనొక్కన్నే పిచ్చోన్ననుకున్న. మనసు అవతలి ఒడ్డున నిలబడి ఎదురుచూస్తుంటె ఎవరి బొటనవేలు అయినా ఒకటే అని ఆ రోజు తెలిసింది. గందుకే ఆమె చెప్పినట్టు చేసిన. అర్జెంట్ గద, ఫోన్ చేసిన. ఎత్తింది. ఇద్దరం శానసేపు ఏం మాట్లాడలే. ఆ చప్పుడు లేకపోవుడుకు ఎవ్వరం భయపడలే.

గందుకే, ఈ కథ చదివినోళ్లందరి సాక్షిగ, సూరత్ మార్కెట్ల ఉన్న సమస్త సేఠ్‌ల సాక్షిగ, భూమేశ్ అనే నేను నా రెండు బొటనవేళ్లు పైకెత్తి ప్రమాణం చేస్తున్న: జవాబు రాకముందు రెండో మెసేజ్ పెట్ట. మంచి ముచ్చటకు "ఓకే" అని చావగొట్ట. ఎవరి మౌనాన్ని నా పేరు మీద రాసుకోను. ఈ ప్రమాణం తప్పితే, నా మెసేజులన్ని పదిమంది ముందల మైకుల చదివిపిచ్చే హక్కు నా భార్య రజితకు పూర్తిగ ఇస్తున్న.

ఇది రాసి ఆమెకు పంపి మూడు గంటలైంది. జవాబు రాలే. పక్క అర్రల్నే ఉన్నది. నేను అడగ.